ఎన్ని ప్యాకెట్లు అమ్మితే గట్టెక్కుతాం?

బ్రేక్ ఈవెన్ అన్న మాట మనలో చాలామందికి సినిమా వార్తల వల్లే అలవాటైంది. నైజాంలో ఫలానా సినిమాని ఇంతకి కొన్నారు, ఇంత షేర్ వస్తే గట్టెక్కినట్టే అంటూ విడుదల రోజు నుంచే లెక్కలు మొదలవుతాయి. డిస్ట్రిబ్యూటర్‌కి ఈ లెక్క ఒక రకంగా సులువు. హక్కుల కోసం కట్టిన డబ్బు ముందే చేయి దాటిపోయింది. హాల్లో ఇంకో మనిషి వచ్చి కూర్చుంటే ఆయనకి కొత్తగా అయ్యే ఖర్చంటూ దాదాపు ఏమీ ఉండదు. పెట్టింది వెనక్కి వచ్చిందా లేదా, అంతే.

ఇడ్లీ పిండి ప్యాకెట్లు అమ్ముదామని బయల్దేరినవాడి సంగతి వేరు. అతనికి నెల నెలా తప్పని ఖర్చు ఒకటుంటుంది, దానితో పాటు ప్రతి ప్యాకెట్టూ తన వంతు కొంత తినేస్తుంది. ఈ రెండింటినీ విడదీస్తే తప్ప ఎన్ని ప్యాకెట్లు అమ్మాలో తేలదు.

విజయవాడలో ఓ చిన్న షట్టర్ అద్దెకి తీసుకుని, కిలో ప్యాకెట్లు చేసి కిరాణా కొట్లకి వేసే మనిషిని ఊహించుకుందాం. కింది అంకెలు లెక్క కోసం వేసుకున్నవి, ఎవరి ఊళ్లో ధరలు వాళ్లు పెట్టుకోవచ్చు. షట్టర్ అద్దె 9,000 రూపాయలు. సహాయకుడి జీతం 13,000. ఫ్రిజ్‌లకి కరెంటు 3,000. గ్రైండరు, ఫ్రిజ్‌లు కలిపి 1,80,000 పెట్టి కొన్నాడు. అవి ఐదేళ్లు పనిచేస్తాయనుకుంటే నెలకి 3,000 అరుగుదల. ఫోను, శుభ్రం చేసే సామాను, చిల్లర మల్లర 2,000. మొత్తం 30,000. ఒక్క ప్యాకెట్టు అమ్మకపోయినా ఈ ఖర్చు ఆగదు.

ఇక ప్యాకెట్టు సంగతి. కిలో మినపగుళ్లు 130, రెండు కిలోల ఇడ్లీ రవ్వ 90, మొత్తం 220 రూపాయలు. నీళ్లతో కలిసి సుమారు 7 కిలోల పిండి అవుతుంది కాబట్టి కిలోకి 31 పడుతుంది. కవరుకి 3, ఉప్పు, నీళ్లు, రుబ్బే కరెంటుకి 2, బండి పెట్రోలుకి 2. అన్నీ కలిపి 38. ప్యాకెట్టు మీద ధర 70 వేసినా అందులో 12 కొట్టువాడి కమీషను, చేతికొచ్చేది 58. అంటే ఒక్కో ప్యాకెట్టు మీద 20 రూపాయలు మిగులుతుంది. 30,000ని 20తో భాగిస్తే 1,500. రోజుకి 50 ప్యాకెట్లు.

ఈ 50 చూసి సంబరపడి గ్రైండరు కొనేసేవాళ్లున్నారు. ఈ లెక్కలో తెల్లవారుజామున మూడింటికి లేచి రుబ్బి, ప్యాక్ చేసి, బండి మీద తిరిగే మనిషికి రూపాయి లేదు. సొంత ఇంట్లో పెట్టుకుంటే అద్దె కూడా ఇలాగే లెక్కలోంచి జారిపోతుంది. అతను ఇంకోచోట పనిచేస్తే 18,000 వస్తుందనుకుంటే, అదీ నెల ఖర్చే. 48,000ని 20తో భాగిస్తే 2,400. రోజుకి 80.

ఇంకా అసలు చిక్కు మిగిలే ఉంది. పిండి బియ్యం మూట కాదు, కొట్లో పడి ఉండదు. రాత్రి ఫ్రిజ్ ఆపేసే కొట్టువాడి దగ్గర ప్యాకెట్టు ఉబ్బిపోతుంది, పిండి పులిసిపోతుంది. మర్నాడు బండి వెళ్లేసరికి కౌంటరు కింద నుంచి తీసి చేతిలో పెడతాడు. అమ్ముడైనదానికే డబ్బు. పోయిన ప్యాకెట్టుకి పప్పు, రవ్వ, కవరు, పెట్రోలు అన్నీ చేసినవాడి నెత్తినే.

వంద ప్యాకెట్లు వేస్తే పది వెనక్కి వస్తున్నాయనుకుందాం. తొంభైకి 58 చొప్పున 5,220 వస్తుంది. వందకీ 38 చొప్పున 3,800 పోతుంది. మిగిలేది 1,420. వేసిన ప్యాకెట్టుకి 20 కాస్తా 14 రూపాయల 20 పైసలకి దిగింది. 48,000 రావాలంటే ఇప్పుడు నెలకి 3,380 వేయాలి, రోజుకి సుమారు 113. వాపసు వచ్చింది పదో వంతే, చేయాల్సిన సరుకు మాత్రం 80 నుంచి 113కి ఎగబాకింది. మిగులు సన్నగా ఉన్న ఏ వ్యాపారంలోనైనా ఇంతే. చిన్న నష్టం కూడా ఆ మిగులులోంచే నేరుగా కోసుకుపోతుంది. ఎండాకాలంలో పిండి ఇంకా త్వరగా పులుస్తుంది కాబట్టి మే నెల లెక్క డిసెంబరు లెక్కతో కలవదు.

మినపగుళ్ల ధర కూడా చూడాలి. కిలోకి 35 రూపాయలు పెరిగితే ప్యాకెట్టుకి 5 పెరిగినట్టు. వాపసులతో కలిపి చూస్తే మిగిలేది 9 రూపాయల 20 పైసలు. అప్పుడు రోజుకి 174 వేయాలి. ఇతని గ్రైండరు, ఒక్క సహాయకుడు కలిసి రోజుకి 150కి మించి తీయలేరనుకోండి, ఇక ఆ 174 కాగితం మీద మాత్రమే ఉంటుంది. రెండో గ్రైండరు, రెండో మనిషి వస్తే నెల ఖర్చు 48,000 దగ్గర ఉండదు, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. బ్రేక్ ఈవెన్ సంఖ్య వచ్చాక మన దగ్గరున్న మనుషులతో, యంత్రాలతో అది అయ్యే పనేనా అని చూసుకోకపోతే ఆ భాగహారం వృథా.

జేబులోని డబ్బు వేరే లెక్క. యంత్రాల అరుగుదల 3,000 అని రాసుకున్నాం కానీ, అవి అప్పు మీద కొన్నవైతే బ్యాంకు వాయిదా అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. కొట్లవాళ్లు వారానికోసారి డబ్బిస్తే, పప్పు కొట్లో మాత్రం ఈ రోజే కట్టాలి. లెక్క ప్రకారం నష్టం లేని నెలలో కూడా చేతిలో పైసా ఆడకపోవచ్చు. అందుకని కనీసం ఒక నెల సరుకు డబ్బు విడిగా పెట్టుకోవాలి.

గ్రైండరు కొనకముందే చేయాల్సిన పని ఒకటుంది. ఆ చుట్టుపక్కల కొట్లకి వెళ్లి, ఇప్పుడున్న పిండి ప్యాకెట్లు రోజుకి ఎన్ని పోతున్నాయో, ఎన్ని మిగులుతున్నాయో అడగాలి. కొత్త ప్యాకెట్టు కొట్టుకి 4 చొప్పున వేసుకుంటారనుకుంటే, 113కి 28 కొట్లు కావాలి. పొద్దున్నే టిఫిన్ల వేళకి ఒక్క బండి మీద 28 కొట్లు తిరిగి, వాపసులు తీసుకుని, లెక్కలు రాసుకోవడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

అందుకే కొందరు కొన్ని ప్యాకెట్లని ముందురోజు ఆర్డరు తీసుకుని నేరుగా అపార్ట్‌మెంట్లకి ఇస్తారు. అక్కడ కమీషను లేదు, ఆర్డరు ఉంది కాబట్టి వాపసూ లేదు. తిరుగుడు ఎక్కువ గనక పెట్రోలుకి 2 బదులు 6 వేసినా ప్యాకెట్టుకి 28 మిగులుతుంది. రోజుకి 25 ప్యాకెట్లు ఇలా పోతే నెలకి 21,000 వచ్చేస్తుంది. మిగతా 27,000 కోసం, మినపగుళ్లు పాత ధరకే దొరికితే, కొట్లకి రోజుకి 63 ప్యాకెట్లు వేస్తే సరిపోతుంది. 28 కొట్ల బదులు 16 కొట్లు.