తుప్పు పట్టని ఉక్కుకు ఉప్పునీటిలో రంధ్రాలెందుకు?

సముద్రపు నీటిని తోడే గొట్టాలకు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ వాడినా, కొన్ని నెలలకే వాటి అతుకుల వద్ద నీరు కారవచ్చు. గొట్టం పైభాగం మెరుస్తూనే ఉంటుంది. బోల్టులు విప్పి చూస్తే గాస్కెట్ కింద లోహం గుంటలు పడి కనిపిస్తుంది.

స్టెయిన్‌లెస్ స్టీల్‌లో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది ఆక్సిజన్‌తో కలిసి ఉపరితలంపై కొన్ని నానోమీటర్ల మందం గల ఆక్సైడ్ పొరను ఏర్పరుస్తుంది. గీత పడినా ఆక్సిజన్ అందితే ఆ పొర మళ్లీ ఏర్పడుతుంది. లోహానికి రక్షణ ఈ పొరే. అది పోతే లోపలి ఉక్కు చురుగ్గా కరుగుతుంది.

ఉప్పునీటిలోని క్లోరైడ్ అయాన్లు ఈ పొరను బలహీనమైన చోట్ల ఛేదిస్తాయి. ఉక్కు తయారీలో మిగిలిపోయే మాంగనీస్ సల్ఫైడ్ రేణువులు అలాంటి చోట్లే. చాలా గుంటలు పుట్టిన వెంటనే మూసుకుపోతాయి. మూసుకోని గుంటలో కరిగిన లోహ అయాన్లు నీటితో చర్య జరిపి ఆమ్లాన్ని పుట్టిస్తాయి. వాటి ధనావేశాన్ని సమతుల్యం చేయడానికి బయటి నుంచి మరిన్ని క్లోరైడ్లు లోపలికి చేరతాయి. బయటి సముద్రపు నీటి pH దాదాపు 8 ఉన్నా, గుంటలో అది 2 కంటే తగ్గిపోగలదు. అంతటి ఆమ్లంలో పొర మళ్లీ ఏర్పడలేదు. కరిగే లోహం విడిచే ఎలక్ట్రాన్లను బయటి విశాలమైన ఉపరితలం వద్ద ఆక్సిజన్ స్వీకరిస్తుంది. అందుకే చిన్న గుంట వేగంగా లోతుకు దిగుతుంది. ఇదే పిట్టింగ్.

గాస్కెట్ కింది సన్నని సందులో జరిగేది క్రెవిస్ తుప్పు. అక్కడ నిలిచిన నీటిలోని ఆక్సిజన్ ఖర్చవుతుంది, కొత్తది చేరదు. ఆపై అదే ఆమ్లం, అదే క్లోరైడ్ చేరిక. పొరను ముందుగా ఛేదించే అవసరం లేనందున, ఇది పిట్టింగ్ కంటే తక్కువ ఉష్ణోగ్రతలోనే మొదలవుతుంది. బోల్టు తల కింద, అంటుకున్న బురద లేదా నత్తగుల్లల కింద కూడా ఇదే జరుగుతుంది.

మిశ్రలోహాలను పోల్చేందుకు ఇంజినీర్లు ఒక సూత్రం వాడతారు:

```
PREN = %Cr + 3.3 × %Mo + 16 × %N
```

17 శాతం క్రోమియం, 2.1 శాతం మాలిబ్డినం, 0.04 శాతం నైట్రోజన్ గల 316 ఉక్కుకు ఇది సుమారు 24.6. సముద్రపు నీటిలో నిరంతరం ఉండే భాగాలకు సాధారణంగా 40కి పైబడిన లోహాన్ని కోరతారు. అయితే ఇది పోలికకే పనికొస్తుంది. వెల్డింగ్ వేడికి ఏర్పడిన రంగు మరకలను తొలగించకపోతే మేలైన లోహం సైతం అక్కడ దెబ్బతింటుంది.

సాధారణ ఉక్కు సమంగా పలచబడుతుంది కనుక దాని ఆయువును అంచనా వేయవచ్చు. ఇక్కడ గొట్టం బరువు దాదాపు తగ్గకుండానే రంధ్రం పడుతుంది. కనుక అతుకు అంచున గోధుమరంగు చార కనిపిస్తే, పైపైన తుడిచి వదిలేయక విప్పి చూడాలి. పంపు ఆపినప్పుడు ఉప్పునీటిని ఖాళీ చేసి మంచినీటితో కడగడం ముప్పును తగ్గిస్తుంది.