ఆప్షన్లు చూడకుండా పెట్టేస్తే ఎన్ని తగులుతాయి?

గ్రూప్స్‌కు ప్రిపేరయ్యే ఎవరిని కదిపినా ఒక మాట చెబుతారు: ‘టైం అయిపోతే మిగిలినవన్నీ ఏదో ఒకటి పెట్టేయ్, నెగెటివ్ మార్కులు లేవు కదా!’ సలహా తప్పేం కాదు. ఖాళీగా వదిలేస్తే వచ్చేది సున్నా. పెట్టేస్తే కొన్నయినా తగులుతాయి. కానీ ఎన్ని తగులుతాయన్న దగ్గరే మన అంచనా ఎప్పుడూ కాస్త ఎక్కువగా ఉంటుంది. అసలు లెక్క ఏమిటో ఒక్క బిట్టు తీసుకుని చూద్దాం. ఇది ఏ పాత పేపర్‌లోదీ కాదు, ఆ తరహాలో నేను తయారుచేసుకున్నదే.

జతపరచండి:
1. పెంబర్తి ఇత్తడి కళ
2. బయ్యారం ఇనుప ఖనిజం
3. మేడిగడ్డ బరాజ్
4. రామప్ప గుడి

క. ములుగు
ఖ. జనగామ
గ. జయశంకర్ భూపాలపల్లి
ఘ. మహబూబాబాద్

ఎ) 1-ఖ, 2-గ, 3-ఘ, 4-క
బి) 1-ఘ, 2-ఖ, 3-గ, 4-క
సి) 1-ఖ, 2-ఘ, 3-గ, 4-క
డి) 1-ఖ, 2-ఘ, 3-క, 4-గ

ఆప్షన్లు మూసేస్తే

ముందు ఎ, బి, సి, డి వరుసల మీద చెయ్యి అడ్డం పెట్టండి. వీటిలో ఒక్కటీ తెలియని అభ్యర్థి ఊహించి జత కలపాలి. పెంబర్తికి నాలుగు జిల్లాల్లో ఏదో ఒకటి, బయ్యారానికి మిగిలిన మూడింటిలో ఒకటి, మేడిగడ్డకు రెండింటిలో ఒకటి, రామప్పకు మిగిలిపోయినది. నాలుగు ఇంటూ మూడు ఇంటూ రెండు, మొత్తం 24 రకాలుగా కలపొచ్చు. సరైనది ఒక్కటే. అంటే అవకాశం 24లో 1, నూటికి నాలుగు చిల్లర.

ఈ 24 రకాలనూ కాగితం మీద రాసి చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. 9 రకాల్లో ఒక్క జత కూడా కుదరదు. 8 రకాల్లో సరిగ్గా ఒక జత కుదురుతుంది. 6 రకాల్లో రెండు కుదురుతాయి. మూడు మాత్రమే కుదరడం అసలు జరగదు. మూడు సరిగ్గా ఉంటే నాలుగోది దానంతటదే సరిపోతుంది కాబట్టి. ఇక నాలుగూ కుదిరేది ఒక్కసారే.

అంటే ఏమీ తెలియకుండా కలిపినా, 24లో 15 సార్లు కనీసం ఒక జత సరిపోతుంది. పరీక్ష అయ్యాక కీ చూసుకుని ‘అరె, దగ్గరదాకా వచ్చాను’ అనిపించేది ఇందుకే. ఆ దగ్గరితనానికి మార్కు లేదు. నాలుగూ కుదిరితేనే మార్కు.

జిల్లాల జాబితా కూడా కనిపించకపోతే ఇంకా కష్టం. ‘రామప్ప గుడి ఏ జిల్లాలో ఉంది?’ అని మాత్రమే అడిగితే, ఏమీ తెలియనివాళ్లు ఎంచుకోవాల్సింది తెలంగాణలోని 33 జిల్లాల్లోంచి. జేఈఈ మెయిన్‌లో అంకె టైప్ చేయాల్సిన ప్రశ్నల్లో ఊహకు పని లేకపోవడానికి కారణం కూడా ఇదే. అక్కడ నాలుగు దారులు చూపించేవాళ్లు ఉండరు.

నాలుగులో ఒకటి మన సొమ్ము కాదు

ఇప్పుడు ప్రశ్న గానీ, ఆప్షన్లు గానీ చదవకుండా ‘సి’ బబుల్ నింపేశామనుకోండి. తగిలే అవకాశం 4లో 1. ఇందాక 24లో 1 ఉన్నది ఒక్కసారిగా ఇంత ఎలా పెరిగింది? మనకు కొత్తగా తెలిసిందేమీ లేదు. పేపర్ తయారుచేసినవారు 24 రకాల్లోంచి 20 తీసేసి నాలుగే ముందు పెట్టారు. ఆ పాతిక శాతం వారు ఇచ్చిందే. చదవకుండా పెట్టేవాళ్లకు దక్కేది అంతవరకే. మన బుర్రలో ఉన్న అరకొర సమాచారం కూడా అందులో పనికిరాదు.

‘అన్నిటికీ సి పెడితే ఎక్కువ తగులుతాయి’ అనే నమ్మకం ఒకటి చాలామందిలో ఉంది. పది ప్రశ్నలకు వరుసగా సి పెడితే, ఆ పదింటిలో ఎన్నిటికి సి జవాబో అన్ని మార్కులు వస్తాయి. ఆ సంఖ్య ముందే తెలియదు. ఎ, బి, సి, డి కలగలిపి పెట్టినా సగటు మారదు. పైగా గ్రూప్స్ లాంటి ఓఎంఆర్ పరీక్షల్లో బుక్‌లెట్ సిరీస్ మారితే ప్రశ్నల క్రమం కూడా మారిపోతుంది. కాబట్టి పక్క బెంచీ వాళ్లకు పనిచేసిన వరుస మనకు పనిచేయదు.

పది ప్రశ్నలు అలా పెట్టేస్తే సగటున రెండున్నర తగులుతాయి. ఒక్కటీ తగలకపోయే అవకాశం నూటికి 5 నుంచి 6. ఐదు గానీ అంతకంటే ఎక్కువ గానీ తగిలేది నూటికి 8 లోపే. ‘మొన్న పదిలో ఆరు తగిలాయి’ అనే ఫ్రెండ్ అబద్ధం చెప్పకపోవచ్చు. కానీ ఒకటో రెండో తగిలినవాళ్లు దాని గురించి ఎవరికీ చెప్పరు, మనకు వినిపించేది ఆరు తగిలినవాళ్ల మాటే.

పేపర్ పెద్దదైతే అదృష్టం చిన్నదవుతుంది

పది ప్రశ్నల్లో అదృష్టం కాస్త అటూ ఇటూ ఊగుతుంది. 150 ప్రశ్నల్లో అంత ఊగదు. గ్రూప్-1 ప్రిలిమ్స్‌లో 150 ప్రశ్నలు. మొత్తం పేపర్‌ను చదవకుండా నింపితే సగటు 37 లేదా 38. అలా నింపిన వంద మందిలో దాదాపు 96 మంది మార్కులు 27కూ 48కీ మధ్యే ఉంటాయి. 60 దాటేవాళ్లను లక్ష మందిలో వెతికినా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఎందుకంటే ఒక ప్రశ్నలో కలిసొచ్చిన అదృష్టాన్ని ఇంకో ప్రశ్నలోని దురదృష్టం తినేస్తూ ఉంటుంది. ప్రశ్నలు పెరిగేకొద్దీ ఫలితం పాతిక శాతానికి అతుక్కుపోతుంది. 2024 జూన్ 9న జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్‌ను మూడు లక్షల మందికి పైగా రాశారు. మెయిన్స్‌కు వెళ్లింది 31,382 మంది. పది మందిలో ఒకరు దాటే ఆ గీతను ఊహ ఒక్కటే పట్టుకుని దాటడం కుదరదు.

దీనికి పూర్తి విరుద్ధంగా కనిపించేది ఎప్‌సెట్. ఇంజినీరింగ్ పేపర్‌లో 160 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు. క్వాలిఫై కావాలంటే 25 శాతం, అంటే 40 మార్కులు. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కుల షరతు లేదు. 160లో నాలుగో వంతు ఎంత? సరిగ్గా 40! నార్మలైజేషన్‌ను పక్కన పెడితే, స్క్రీన్ వైపు చూడకుండా క్లిక్ చేసినవాళ్లలో సగానికి కొంచెం ఎక్కువ మందే క్వాలిఫై అవుతారు. అందుకే ‘మావాడు క్వాలిఫై అయ్యాడు’ అంటే దానివల్ల మనకు తెలిసేది ఏమీ లేదు. చూడాల్సింది ర్యాంకు. ర్యాంకు విషయంలో ఊహ ఎవరినీ పైకి తీసుకెళ్లదు.

ఒక్క చూపు ఖరీదు

ఇప్పుడు మన బిట్టు మీద అడ్డం పెట్టిన చెయ్యి తీసేయండి. మీకు తెలిసింది ఒక్కటే అనుకుందాం: బయ్యారం ఉన్నది మహబూబాబాద్ జిల్లాలో. అంటే 2-ఘ. ఎ, బి రెండూ ఎగిరిపోయాయి. మిగిలింది సి, డి. అవకాశం 4లో 1 నుంచి సగానికి వచ్చేసింది. మేడిగడ్డ భూపాలపల్లిలోదని కూడా తెలిస్తే డి కూడా పోతుంది, సి ఒక్కటే మిగులుతుంది. పెంబర్తి గురించి, రామప్ప గురించి ఏమీ తెలియకుండానే పూర్తి మార్కు వచ్చింది.

అదే ఆప్షన్లు మూసి ఉంటే? ఒక జత తెలిసినా మిగిలిన మూడింటిని ఆరు రకాలుగా కలపొచ్చు, అవకాశం 6లో 1. రెండు జతలు తెలిసినా ఇంకా సగమే. తెలిసింది అంతే, కానీ ఆప్షన్లు చూసినవారికి దాని విలువ చాలా పెరిగింది. సగం తెలిసినదాన్ని మార్కుగా మార్చేది ఆప్షన్లే.

దీనికో హద్దు ఉంది. తీసేసే ఆప్షన్‌ను సరైన కారణంతోనే తీసేయాలి. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లాను విడదీసినప్పుడు జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి కొత్త జిల్లాలయ్యాయి. అప్పుడు రామప్ప గుడి ఉన్న పాలంపేట భూపాలపల్లిలోకి వెళ్లింది. 2019 ఫిబ్రవరి 17న ములుగు వేరే జిల్లా అయ్యాక అది ములుగులోకి వచ్చింది. ఆ మధ్యలో అచ్చయిన జీకే పుస్తకం చదివినవాళ్లు రామప్పకు ‘గ’ పెడతారు. మన ఆప్షన్లలో 4-గ ఉన్నది ఒక్క డి లోనే. ఇంకేం ఆలోచించకుండా, ఎంతో ధైర్యంగా డి నింపేస్తారు. చదవకుండా పెట్టినవాళ్లకు పాతిక శాతం అవకాశమైనా ఉంది, వీళ్లకు సున్నా! మేడిగడ్డ కూడా భూపాలపల్లిలోదే అని గుర్తుంటే మాత్రం ఇక్కడ తేడా పట్టేయొచ్చు. ఒకే జిల్లాకు రెండు జతలు కుదరవు కదా. నమ్మకంగా తెలిసింది ఇంకో జతతో గొడవ పడుతోందంటే, రెండింటిలో ఒకటి పాతబడిందని అర్థం.

చివరి పది నిమిషాలు

పది నిమిషాలు ఉన్నాయి, ఇరవై బిట్లు మిగిలాయి. అన్నీ చదవకుండా పెట్టేస్తే సగటున 5 మార్కులు. అలా కాకుండా పొడుగ్గా, లెక్కలతో ఉన్న పన్నెండింటిని వదిలేసి, చిన్నగా ఉన్న ఎనిమిదింటికి తలా ఒక నిమిషం ఇవ్వండి. ఒక్కోదాంట్లో రెండు ఆప్షన్లు సరిగ్గా తీసేయగలిగితే సగటున 4 మార్కులు. మిగిలిన రెండు నిమిషాల్లో ఆ పన్నెండు బబుల్స్ నింపేయండి, సగటున 3. మొత్తం 7. కొత్తగా ఏమీ నేర్చుకోకుండానే రెండు మార్కులు పెరిగాయి. కటాఫ్ దగ్గర రెండు మార్కుల మధ్య ఎంతమంది ఉంటారో గ్రూప్స్ రాసేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

నెగెటివ్ మార్కులున్న చోట ఈ లెక్క ఇంకా కచ్చితంగా చూసుకోవాలి. నీట్‌లో సరైన జవాబుకు 4, తప్పుకు ఒకటి కోత. చదవకుండా నాలుగు పెడితే సగటున ఒకటి తగిలి 4 వస్తాయి, మూడు తప్పి 3 పోతాయి, చేతిలో మిగిలేది 1. యూపీఎస్సీ ప్రిలిమ్స్‌లో తప్పుకు మూడో వంతు కోత. అక్కడ ఒకటి తగిలి వచ్చిందంతా మూడు తప్పి పోతుంది, మిగిలేది సున్నా. అక్కడ కూడా ఒక్క ఆప్షన్‌ను సరిగ్గా తీసేయగలిగితే లెక్క మీవైపు తిరుగుతుంది.