ఈ సీట్లో ఇంతకుముందు ఎవరున్నారండీ?

ఉద్యోగం ఉందని కన్సల్టెన్సీ నుంచి ఫోనొస్తే మనం ముందుగా అడిగేవి జీతమెంత, ఆఫీసెక్కడ, శనివారం సెలవా కాదా అన్నవే. అవి అడగాల్సినవే. వాటితోపాటు అడగాల్సిన ఇంకో చిన్న ప్రశ్న ఉంది: ‘‘ఇది కొత్త పోస్టా, ఎవరైనా వెళ్లిపోతే ఖాళీ అయిందా అండీ?’’ అడిగితే ఏమనుకుంటారోనని చాలామంది ఊరుకుంటారు. నిజానికి రిక్రూటర్‌కి ఇందులో వింతేమీ లేదు. కాస్త పద్ధతిగా నడిచే కంపెనీల్లో పోస్టు నింపాలంటే మేనేజరు ముందు హెచ్‌ఆర్‌కి రిక్విజిషన్‌ పెట్టాలి. హోదా, జీతం పరిధి, ఎవరికి రిపోర్ట్‌ చేయాలన్న వివరాలతోపాటు కొత్త పోస్టా, రిప్లేస్‌మెంటా అన్న గడి కూడా అందులో మామూలుగా ఉంటుంది. మీరు అడిగేది ఆ కాగితం మీద ఎలాగూ ఉన్న విషయమే.

ఈ జవాబు వల్ల ఏం తేలుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఐటీ ఉద్యోగాల గురించి అందరూ రాస్తారు కాబట్టి ఇక్కడ అకౌంట్స్‌ తీసుకుంటాను. విజయవాడలో ఐదేళ్ల అనుభవమున్న ఒకమ్మాయికి హైదరాబాద్‌లోని ఓ తయారీ కంపెనీలో సీనియర్‌ అకౌంటెంట్‌ పోస్టుందని ఫోనొచ్చిందనుకోండి. జీఎస్టీ రిటర్నులు, టీడీఎస్‌, సరఫరాదారుల చెల్లింపులు చూడాలి. ఆమె అడిగింది, రిక్రూటర్‌ ‘‘రిప్లేస్‌మెంట్‌ మేడమ్‌’’ అన్నాడు. చాలామంది ‘‘ఓహో’’ అని ఇక్కడితో వదిలేస్తారు. అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

తేదీలు వేసి చూడండి. పాత అకౌంటెంట్‌ జూన్‌ 2న రాజీనామా ఇచ్చాడు. నోటీసు 60 రోజులు కాబట్టి అతని ఆఖరి రోజు ఆగస్టు 1. రిక్విజిషన్‌కి అనుమతులు రావడం, ప్రొఫైళ్లు చూడటం, రెండు రౌండ్ల ఇంటర్వ్యూలు అయ్యేసరికి మన అమ్మాయి చేతికి ఆఫర్‌ జూలై 10న వచ్చింది. మర్నాడు ఆమె రాజీనామా ఇచ్చింది. ఆమెకూ 60 రోజుల నోటీసే. సెప్టెంబర్‌ 9న రిలీవ్‌ అయి, 10న హైదరాబాద్‌లో చేరింది. అంటే వెళ్లినతనికీ వచ్చినామెకీ మధ్య దాదాపు ఆరు వారాలు ఆ సీటు ఖాళీ. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకునే అవకాశమే లేదు.

ఆమె చేరిన మర్నాడు సెప్టెంబర్‌ 11. నెలనెలా రిటర్ను వేసే కంపెనీలు ఆగస్టు నెల అమ్మకాల వివరాలతో జీఎస్టీఆర్‌-1 వేయాల్సిన ఆఖరి తేదీ అదే. తర్వాత 20వ తేదీలోగా జీఎస్టీఆర్‌-3బీ వేసి పన్ను కట్టాలి. ఇన్‌పుట్‌ క్రెడిట్‌ సరిపోల్చడానికి కావాల్సిన 2బీ పట్టిక 14న వస్తుంది. సరిచూసుకోవడానికి మిగిలేది ఆరు రోజులు. ఇంకా బీరువా తాళం ఎక్కడుందో తెలియని మనిషికి ఇవీ గడువులు. పైగా ఖాళీ వారాల్లో ఆగస్టు 7న టీడీఎస్‌ కట్టాల్సి వచ్చింది, 11న జూలై నెల జీఎస్టీఆర్‌-1 వేయాల్సి వచ్చింది. అవి ఎవరు చేశారు? సరిగ్గా చేశారా, గడువు దాటకుండా ఏదో ఒకటి వేసేశారా?

అందుకే ‘రిప్లేస్‌మెంట్‌’ అన్న జవాబు రాగానే అడగాల్సింది ఇది: ‘‘అయితే ఇప్పుడు ఆ పని ఎవరు చూస్తున్నారండీ? నేను చేరేసరికి నాకు అప్పజెప్పేదెవరు?’’ టీమ్‌లో ఇంకొకరు పని నేర్చుకుని చూస్తున్నారని తెలిస్తే ఫరవాలేదు, అడిగి తెలుసుకోవడానికి మనిషున్నట్టు. బయటి సీఏ ఆఫీసు తాత్కాలికంగా చూస్తోందంటే అక్కడినుంచి లెక్కలు ఎప్పుడు తిరిగొస్తాయో కనుక్కోవాలి. ‘‘ఎవరూ లేరు, మీరు త్వరగా జాయినైతే బాగుంటుంది’’ అంటే మొదటి రెండు నెలలూ వెనకటి నెలల లెక్కలు తవ్వడమే మీ పని. అలాగని ఉద్యోగం వద్దనక్కర్లేదు, కానీ ఆ తవ్వకానికి తగ్గ జీతం అడగొచ్చు. మొదటి నెల రిటర్ను మీద మేనేజరే దగ్గరుండి సంతకం చేయాలనీ ముందే మాట్లాడుకోవచ్చు.

ఇలాంటిచోట నాకు బాగా గుర్తుండే చిన్న విషయం ఓటీపీ. జీఎస్టీ పోర్టల్‌కి సంబంధించిన ఓటీపీలు, సందేశాలు అధీకృత సంతకందారు పేరిట నమోదైన మొబైల్‌కి, మెయిల్‌కి వెళ్తాయి. చిన్న, మధ్యతరహా కంపెనీల్లో అక్కడ యజమాని నంబరుకు బదులు పాత అకౌంటెంట్‌ సొంత నంబరు ఇచ్చి ఉండటం మామూలే. అతను వెళ్లిపోయాక శాఖ పంపే నోటీసు కబురు కూడా అతని ఫోన్‌కే పోతుంది. ‘‘పోర్టల్‌లో కాంటాక్ట్‌ వివరాలు మార్చారా అండీ?’’ అని రెండో రౌండ్‌లో మేనేజర్ని అడిగి చూడండి. ఠక్కున జవాబొస్తే అక్కడ అప్పగింత జరిగినట్టే. ‘‘ఆఁ... అది చూడాలి’’ అంటే జరగనట్టే.

ఇక పాతవాళ్లు ఎందుకు వెళ్లారన్నది. ఈ ప్రశ్న నేరుగా వేస్తే ‘‘బెటర్‌ ఆపర్చునిటీ’’ అన్న తయారుగా ఉన్న జవాబే వస్తుంది. ‘‘ఇంతకుముందు ఈ పోస్టులో ఉన్నవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారండీ?’’ అని అడిగితే మాట కాస్త సాగుతుంది. ప్రమోషన్‌ మీద పైకెళ్లారనో, ఇంకో బ్రాంచికి మారారనో అంటే మంచి కబురే. వాళ్లు అదే కంపెనీలో ఉంటారు, సందేహమొస్తే అడగొచ్చు. ప్రసూతి సెలవులో ఉన్నారంటే జాగ్రత్తపడాలి. చట్టప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకీ ఆ సెలవు 26 వారాలు. ఆమె తిరిగొచ్చాక మీ సంగతేంటి, ఇది పర్మనెంటా, ఆ ఆరు నెలల కాంట్రాక్టా అన్నది ఆఫర్‌ లెటర్‌లో రాతపూర్వకంగా ఉండాలి.

ఒకరు వెళ్లిపోవడంలో ఆశ్చర్యం లేదు. ‘‘గత మూడేళ్లలో ఈ సీట్లో ఎంతమంది పనిచేశారు?’’ అన్నది దానికంటే పనికొచ్చే ప్రశ్న. ముగ్గురు మారారంటే తప్పు ఆ ముగ్గురిదీ అయ్యుండదు. కంపెనీవాళ్లు చెప్పకపోయినా లింక్డ్‌ఇన్‌లో కంపెనీ పేరు, హోదా కొట్టి వెతికితే పాతవాళ్లు కొందరైనా కనిపిస్తారు. అందరూ ఏడెనిమిది నెలలకే వదిలేసినట్టుంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

కొత్త పోస్టు అంటే మనవాళ్లకు తెలియకుండానే సంబరం. పోల్చడానికి ముందున్నవాళ్లు లేరు, పని మన పద్ధతిలో పెట్టుకోవచ్చు. నిజమే. కానీ రిప్లేస్‌మెంట్‌కి జీతం డబ్బు ఎలాగూ నిన్నటిదాకా ఖర్చవుతూనే ఉంది. కొత్త పోస్టుకి అది ఇంకా ఎవరో ఒకరు ఒప్పుకోవాల్సిన డబ్బు. ‘‘బడ్జెట్‌ అప్రూవల్‌ వచ్చేసిందా, ఏదైనా ఆర్డర్‌ మీద ఆధారపడి ఉందా?’’ అని అడగకుండా ముందుకెళ్లొద్దు. ప్రాజెక్టు వస్తుందన్న అంచనాతో ముందే ఇంటర్వ్యూలు చేసి పెట్టుకోవడం ఐటీలో బాగా ఉంది, మిగతాచోట్ల కూడా లేకపోలేదు. ఆ ప్రాజెక్టు రాకపోతే పోస్టు ‘హోల్డ్‌’లో పడుతుంది. అప్పటికి మీరు పాత ఆఫీసులో పేపర్స్‌ పెట్టేసి ఉంటే ఇటూ అటూ కాకుండా పోతారు.

కొత్త పోస్టయినా పని మాత్రం కొత్తగా పుట్టదు. మన అమ్మాయి విషయంలోనే ఇది కొత్త పోస్టయితే, ఇన్నాళ్లూ ఆ రిటర్నులు వేసినవాళ్లు ఎవరో ఉండాలి కదా. కంపెనీ వేరే రాష్ట్రంలో గోదాం పెట్టి ఉండొచ్చు. అప్పుడు ఆ రాష్ట్రంలో విడిగా జీఎస్టీ రిజిస్ట్రేషన్‌ కావాలి, ఇక్కడినుంచి అక్కడికి పంపే సొంత సరుకుకి కూడా పన్ను వేసి బిల్లు రాయాలి. నిజంగానే పని పెరిగింది, మనిషి అవసరమే. అలాకాకుండా ముగ్గురు చేస్తున్న పనిలోంచి ఎవరికీ ఇష్టంలేని ముక్కలన్నీ ఏరి ఒక పోస్టు చేశారంటే అది వేరే కథ. ‘‘ఆరు నెలల తర్వాత నేను ఏం చేసి ఉంటే మీరు తృప్తిపడతారు?’’ అని మేనేజర్ని అడగండి. నికరంగా రెండు పనులు చెప్పలేకపోతే ఆ పోస్టు ఇంకా వాళ్ల తలలోనే తయారవ్వలేదు.

టీమ్‌ గురించి ‘‘ఎలా ఉంటుంది?’’ అని అడిగితే ‘‘చాలా ఫ్రెండ్లీ’’ అని తప్ప ఇంకేం చెబుతారు? లెక్కలు అడగండి. ఎంతమంది, మీ మేనేజరు అదే ఆఫీసులో కూర్చుంటారా, టీమ్‌లో అందరికంటే పాత మనిషి ఎన్నేళ్లుగా ఉన్నారు, మీరు సెలవు పెడితే మీ పని ఎవరు చూస్తారు. ఆఖరిదానికి వచ్చే జవాబు వింటే ఆ ఆఫీసు సగం అర్థమైపోతుంది. నెలాఖరులో సెలవే ఉండదని కొందరు ఇంటర్వ్యూలోనే నవ్వుతూ చెప్పేస్తారు. వాళ్లకి దండం పెట్టాలి, కనీసం దాచలేదు.

ఏది ఎవరిని అడగాలో కూడా చూసుకోవాలి. కంపెనీ హెచ్‌ఆర్‌కి పోస్టు రకం, అది తెరిచిన తేదీ, టీమ్‌ సంఖ్య తెలిసే అవకాశం ఎక్కువ. కన్సల్టెన్సీలో ఉన్నవాళ్లకు ఒక్కోసారి ఉద్యోగ వివరణ తప్ప ఇంకేమీ అందదు. వాళ్లమీద విసుక్కోవద్దు. నిజానికి మీరు నిలబడటం వాళ్లకీ అవసరమే. మన దేశంలో కన్సల్టెన్సీకి తరచూ ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతమంత ఫీజు ముడుతుంది. చేర్చిన మనిషి 90 రోజుల్లోపు మానేస్తే మళ్లీ ఫీజు లేకుండా ఇంకొకరిని వెతికి పెట్టాలన్న షరతు ఆ ఒప్పందాల్లో మామూలే. మూడు నెలల తర్వాత ఏమైనా వాళ్లకు పట్టింపు ఉండదనుకోండి, అది వేరే సంగతి. కొన్నిసార్లు ప్రస్తుతం ఆ సీట్లో ఉన్న మనిషికే తెలియకుండా వెతుకుతుంటారు. అప్పుడు ‘కాన్ఫిడెన్షియల్‌’ అంటారు, ఎంత గుచ్చినా చెప్పరు. అలాంటిచోట రెండో రౌండ్‌ దాకా ఆగి మేనేజర్నే అడగాలి.

అడిగే తీరు మాత్రం మర్యాదగా ఉండాలి, వరసపెట్టి వాయించకూడదు. మొదటి ఫోన్లో కొత్తదా, రిప్లేస్‌మెంటా, టీమ్‌లో ఎంతమంది అన్న రెండూ చాలు. ‘‘కనుక్కుని చెప్తానండీ’’ అంటే ఆ సాయంత్రమే రెండు లైన్ల మెయిల్‌ పెట్టండి, మాట మరుగున పడదు. ఆఫర్‌ చేతికొచ్చినా పని ఎవరి దగ్గర్నుంచి మీ చేతికొస్తుందో చెప్పలేకపోతే, అది తేలేదాకా పాత ఆఫీసులో పేపర్స్‌ పెట్టకండి.