జలుబు మాత్రకు మద్యం తోడైతే మత్తు ఎందుకు పెరుగుతుంది?

తెలుగులో ‘మందు’ అనే ఒకే మాట ఔషధానికీ, మద్యానికీ చెల్లుతుంది. ‘మత్తు’ అనే మాట కూడా అంతే. మాత్ర వేసుకున్నాక కళ్లు మూతలు పడటమూ మత్తే, తాగినవారు తూలటమూ మత్తే. మాటలు కలిసినంత తేలికగా ఈ రెండు మందులూ ఒకే రాత్రి కడుపులో కలుస్తుంటాయి. తుమ్ములు, ముక్కు కారడం తగ్గాలని సాయంత్రం ఒక మాత్ర వేసుకుంటారు. రాత్రి విందులో ఒక పెగ్గు తీసుకుంటారు. ‘మాత్ర చిన్నదే, తాగింది కొంచెమే’ అనుకుని వాహనం తాళం చేతిలోకి తీసుకుంటారు. ఈ లెక్కలోని పొరపాటు ఎక్కడుందో తెలియాలంటే, రెండు మత్తులూ మెదడులో ఏయే దారుల్లో పనిచేస్తాయో చూడాలి.

ఒకటి మేలుకొలుపును ఆపుతుంది, మరొకటి నిద్రను పిలుస్తుంది

జలుబుకు, అలర్జీకి వాడే చాలా మాత్రల్లో క్లోర్‌ఫెనిరమైన్ అనే పదార్థం ఉంటుంది. మన దేశంలో దొరికే జలుబు మాత్రల్లో దీన్ని తరచుగా 2 మిల్లీగ్రాముల చొప్పున పారాసిటమాల్, ఫినైలెఫ్రిన్‌లతో కలిపి తయారుచేస్తారు. అలర్జీ సమయంలో శరీరం హిస్టమిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తుంది. ముక్కు కారడానికి, దురదకు, తుమ్ములకు కారణం అదే. హిస్టమిన్ వచ్చి కూర్చోవలసిన గ్రాహకాలను క్లోర్‌ఫెనిరమైన్ ముందుగానే ఆక్రమిస్తుంది. దానితో ముక్కు పొడిబారి ఉపశమనం కలుగుతుంది.

అయితే హిస్టమిన్‌కు మెదడులో వేరే పని ఉంది. హైపోథాలమస్ అనే లోపలి భాగంలో ఉన్న ఒక చిన్న నాడీకణాల గుంపు, మనం మేలుకొని ఉన్నంతసేపూ మెదడు నలుమూలలకూ హిస్టమిన్‌ను పంపుతూ ఉంటుంది. మనల్ని మెలకువగా ఉంచే సంకేతాల్లో అదొకటి. క్లోర్‌ఫెనిరమైన్ కొవ్వులో తేలికగా కరిగే పదార్థం కావడంతో, రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న రక్షణ పొరను దాటి లోపలికి ప్రవేశిస్తుంది. ముక్కులో చేసిన పనే అక్కడా చేస్తుంది. మేలుకొలుపు సంకేతం అందవలసిన చోట అందదు. జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయ పరిశోధకులు పెట్ స్కాన్‌ల ద్వారా దీన్ని నేరుగా గమనించారు. ఈ మందు సాధారణ మోతాదే మెదడులోని ఆ గ్రాహకాల్లో దాదాపు సగాన్ని ఆక్రమిస్తున్నట్లు తేలింది.

మద్యం దారి వేరు. మెదడులో నాడీకణాల వేగాన్ని తగ్గించే గాబా అనే రసాయనం ఉంటుంది. మద్యం దాని ప్రభావాన్ని పెంచుతుంది. నాడీకణాలను ఉత్తేజపరిచే గ్లూటమేట్ ప్రభావాన్ని తగ్గిస్తుంది. అంటే మాత్ర మేలుకొలిపేవారి నోరు మూస్తుంటే, మద్యం జోలపాడేవారి గొంతు పెంచుతోంది. దారులు వేరైనా రెండూ చేరేది ఒక్కచోటికే. చూపు నిలకడ, నిర్ణయ వేగం, చేతికీ కంటికీ మధ్య సమన్వయం, శరీర సమతౌల్యం అన్నీ ఒకేసారి తగ్గుతాయి.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. మాత్ర వేసుకున్నంత మాత్రాన రక్తంలో మద్యం మోతాదు పెరగదు. కూడేవి మోతాదులు కావు, ప్రభావాలు. అందుకే తాగింది తక్కువే అన్న ధీమా పనికిరాదు. శ్వాస పరీక్ష యంత్రం మద్యాన్ని మాత్రమే కొలుస్తుంది; మాత్ర వల్ల మెదడు ఎంత మందగించిందో దానికి తెలియదు.

ఒక రాత్రి లెక్క

70 కిలోల బరువున్న ఒక వ్యక్తిని ఊహించుకుందాం. జలుబు చేసి, ఉదయం 8 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు, రాత్రి 8 గంటలకు ఒక్కో మాత్ర చొప్పున వేసుకున్నాడు. రాత్రి 9 గంటలకు విందులో 60 మిల్లీలీటర్ల విస్కీ తీసుకున్నాడు. పదిన్నరకు ఇంటికి బయలుదేరాడు.

ముందు మద్యం సంగతి. సాధారణంగా దొరికే 42.8 శాతం విస్కీ 60 మిల్లీలీటర్లలో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. ఈ బరువున్న పురుషుడి రక్తంలో అది గరిష్ఠంగా 100 మిల్లీలీటర్లకు 40 మిల్లీగ్రాముల వరకు చేరవచ్చు. కాలేయం దాన్ని గంటకు దాదాపు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గిస్తూ వస్తుంది. కాబట్టి పదిన్నరకు 20 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ విధించిన పరిమితి 30 మిల్లీగ్రాములు. దారిలో పోలీసులు ఆపి పరీక్షించినా యంత్రం అతన్ని పట్టుకోకపోవచ్చు.

ఇప్పుడు మాత్ర సంగతి. శరీరంలో ఒక మందు సగానికి తగ్గడానికి పట్టే సమయాన్ని అర్ధ జీవితకాలం అంటారు. పెద్దవారిలో క్లోర్‌ఫెనిరమైన్‌కు అది సగటున 20 గంటలకు అటూ ఇటూగా ఉంటుంది. మనిషిని బట్టి బాగా మారుతుంది కూడా. జలుబు మాత్రను రోజుకు మూడు నాలుగుసార్లు వేసుకోవడం వల్ల, దాని ప్రభావం నాలుగు గంటల్లో పూర్తిగా పోతుందని చాలామంది భావిస్తారు. నిజానికి రాత్రి పదిన్నరకు ఉదయం మాత్రలో సగానికి పైగా, మధ్యాహ్నపు మాత్రలో మూడొంతులు, రాత్రి మాత్ర దాదాపు మొత్తం అతని ఒంట్లోనే ఉన్నాయి. స్థూలంగా కూడితే రెండు మాత్రలకు పైనే. జలుబు మూడో రోజుకు చేరి, అన్ని రోజులూ ఇలాగే వేసుకుని ఉంటే ఆ లెక్క మూడున్నర మాత్రలు దాటుతుంది. పైగా మింగిన రెండు మూడు గంటలకు ఈ మందు రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరుతుంది. ఎనిమిదింటి మాత్ర ఆ స్థాయికి వచ్చేదీ సరిగ్గా పదిన్నర ప్రాంతంలోనే.

‘ఒక మాత్ర, ఒక పెగ్గు’ అని అతను అనుకుంటున్నది ఇదీ. చట్టం కూడా కేవలం యంత్రం చూపే అంకెతో ఆగదు. వాహనాన్ని అదుపులో ఉంచుకోలేనంతగా ఏదైనా ఔషధ ప్రభావంలో ఉండి నడపటం కూడా అదే 185వ సెక్షన్ కింద నేరమే.

నిద్ర రావడం లేదన్నది భరోసా కాదు

‘నాకు మత్తుగా ఏమీ లేదు’ అన్న మాటను ఎంతవరకు నమ్మవచ్చు? అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2000 సంవత్సరంలో ప్రచురించిన ఒక అధ్యయనం దీనికి జవాబిస్తుంది. అలర్జీ ఉన్న 40 మంది డ్రైవర్లను వారు కృత్రిమ డ్రైవింగ్ యంత్రంలో కూర్చోబెట్టారు. ఒక్కొక్కరికీ వేర్వేరు వారాల్లో డైఫెన్‌హైడ్రమైన్, ఫెక్సోఫెనడైన్, మద్యం, మందులేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. డైఫెన్‌హైడ్రమైన్ కూడా క్లోర్‌ఫెనిరమైన్ తరహాలో మత్తు కలిగించే పాత తరం మందే. మద్యం మోతాదు రక్తంలో 100 మిల్లీలీటర్లకు దాదాపు 100 మిల్లీగ్రాములు ఉండేలా ఇచ్చారు. ముందు వెళ్తున్న వాహనం వేగాన్ని అనుసరించడంలో మద్యం తాగినప్పటి కంటే డైఫెన్‌హైడ్రమైన్ వేసుకున్నప్పుడే వారు ఎక్కువ తడబడ్డారు. ఫెక్సోఫెనడైన్ వేసుకున్నప్పుడు ఆ తేడా కనిపించలేదు.

అంతకన్నా ముఖ్యమైన ఫలితం మరొకటి. తమకు ఎంత మత్తుగా ఉందో డ్రైవర్లు చెప్పిన దానికీ, వారు నిజంగా ఎంత చెడుగా నడిపారో దానికీ పెద్దగా పొంతన కుదరలేదు. ఈ అధ్యయనంలో రెండింటినీ కలిపి ఇవ్వలేదు. విడివిడిగా ఇచ్చినప్పుడే మన అంచనా ఇలా తప్పితే, కలిసినప్పుడు దానిపై ఆధారపడటం మరింత ప్రమాదం. మద్యం మొదట దెబ్బతీసేది మన పొరపాటును మనమే పసిగట్టే శక్తిని. కాఫీ తాగితే కళ్లు తెరుచుకోవచ్చు గానీ, ఒంట్లోని మద్యాన్నీ మాత్రనూ అది బయటకు పంపదు. కొన్ని జలుబు మాత్రల్లో ముందే కలిపే కెఫీన్‌కూ ఇదే వర్తిస్తుంది.

స్ట్రిప్‌పై ఏం చూడాలి

మాత్ర వాణిజ్య నామం కన్నా, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే పదార్థాల పేర్లు ముఖ్యం. క్లోర్‌ఫెనిరమైన్, డైఫెన్‌హైడ్రమైన్, ప్రోమెథజైన్, హైడ్రాక్సిజైన్ వంటి పేర్లు కనిపిస్తే అది మత్తు కలిగించే మందు. దగ్గు సిరప్‌లలోనూ ఇవి ఉంటాయి. మాత్ర, సిరప్ రెండూ వాడుతున్నవారు తమకు తెలియకుండానే ఒకే మందును రెండుసార్లు తీసుకుంటున్నారేమో చూసుకోవాలి.

ఫెక్సోఫెనడైన్, లోరాటడైన్ తదుపరి తరం మందులు. ఇవి మెదడులోకి అతి తక్కువగా చేరతాయి. లోపలికి వచ్చినదాన్ని మెదడు రక్తనాళాల గోడల్లోని పంపు వంటి ప్రొటీన్ వెనక్కి నెట్టేస్తుంది. సెట్రిజైన్, లెవోసెట్రిజైన్ కూడా ఈ తరానివే అయినా కొందరికి మత్తు కలిగిస్తాయి. అందువల్ల వాటితో మద్యం వద్దని మందు వివరాల్లోనే హెచ్చరిక ఉంటుంది. కొత్త తరం మందు అయినంత మాత్రాన మద్యం వల్ల కలిగే మత్తు ఏమీ తగ్గదు.

క్లోర్‌ఫెనిరమైన్ వాడటం ఆపాక 20 గంటలకు సగం, 40 గంటలకు పావు వంతు మిగిలి ఉంటుంది. అందువల్ల చివరి మాత్ర వేసుకున్న రాత్రే కాదు, మరుసటి రోజు కూడా మద్యానికి దూరంగా ఉండటం మేలు. వృద్ధుల్లో, మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో మందు ఇంకా నెమ్మదిగా తగ్గుతుంది. వృద్ధులకు వాహనం కంటే రాత్రివేళ మంచం దిగి స్నానాల గదికి నడవటమే ముందుగా వచ్చే ప్రమాదం. గురకతో పాటు నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉన్నవారు, నిద్రమాత్రలు లేదా ఆందోళన తగ్గించే మాత్రలు వాడేవారు ఈ కలయిక జోలికే వెళ్లకూడదు.

ఇప్పటికే రెండూ తీసుకున్నవారిని ఒంటరిగా ‘పడుకోనివ్వండి’ అని వదిలేయడం సరికాదు. పిలిస్తే, భుజం తడితే కళ్లు తెరుస్తున్నారా అని మధ్యమధ్య చూడాలి. లేపినా లేవకపోయినా, శ్వాస బాగా నెమ్మదించినా, మధ్యలో ఆగి ఆగి వస్తున్నా, పెదవులు నీలంగా మారుతున్నా అది మామూలు నిద్ర కాదు. వాంతి గొంతుకు అడ్డుపడకుండా ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే 108కు గానీ, దేశంలో ఎక్కడి నుంచైనా 112కు గానీ ఫోన్ చేయాలి. వచ్చిన సిబ్బందికి తాగిన సంగతితో పాటు మాత్ర సంగతి కూడా చెప్పి, ఖాళీ స్ట్రిప్‌ను చేతికివ్వాలి. మద్యం వాసన వారికి తెలుస్తుంది, మాత్ర సంగతి మాత్రం మనం చెబితేనే తెలుస్తుంది.