మూడు శాతం ఎక్కువ వడ్డీ ఎక్కడికి పోతుంది?

అమెరికాలో ఉద్యోగం చేసే మనవాళ్లు సెలవులకు వస్తే బ్యాంకులో వినిపించే మాట ఒకటుంది: "అక్కడ నాలుగు శాతమే కదండీ, ఇక్కడ ఎన్ఆర్ఈ డిపాజిట్‌కి ఏడు ఇస్తున్నాం." మాట అబద్ధం కాదు. కాకపోతే ఆ ఏడు శాతం రూపాయల మీద, నాలుగు శాతం డాలర్ల మీద. ఏడాది తర్వాత రూపాయల్ని మళ్లీ డాలర్లుగా మార్చుకునే రోజున రేటు ఎంతుంటుందన్నదే అసలు ప్రశ్న.

లెక్క సులువుగా ఉండేందుకు డాలరు 85 రూపాయలు అనుకుందాం. 10,000 డాలర్లు తెచ్చి మారిస్తే 8,50,000 రూపాయలు. ఏడు శాతం వడ్డీతో ఏడాదికి 9,09,500 అవుతాయి. అదే డబ్బు అమెరికాలోనే ఉంచితే 10,400 డాలర్లు. ఈ రెండూ సమానం కావాలంటే ఏడాది తర్వాత డాలరు 87 రూపాయల 45 పైసలు ఉండాలి. అంతకంటే తక్కువుంటే ఇక్కడ వేసినవాడికి లాభం, ఎక్కువుంటే నష్టం.

ఈ 87.45 కాగితం మీది అంకె మాత్రమే కాదు. ముంబై ఫారెక్స్ మార్కెట్లో ఏడాది తర్వాత ఇచ్చిపుచ్చుకునే డాలర్లకు ఈరోజే ధర ఖాయం చేసుకోవచ్చు. దాన్ని ఫార్వర్డ్ రేటు అంటారు. ఈరోజు ధర కంటే అది ఎంత ఎక్కువో అదే ప్రీమియం. మన లెక్కలో 2 రూపాయల 45 పైసలు. ఒకవేళ ఫార్వర్డ్ ధర కూడా 85 దగ్గరే ఉందనుకోండి. బ్యాంకు డీలర్ నాలుగు శాతానికి డాలర్లు అప్పు తెచ్చి, రూపాయలు చేసి, ఏడు శాతానికి పెట్టి, ఏడాది తర్వాత కావలసిన డాలర్లను అదే రోజు 85కి కొనేసుకుంటాడు. గడువు నాటికి 9,09,500 రూపాయలకు 10,700 డాలర్లు వస్తాయి. బాకీ 10,400. మిగిలిన 300 డాలర్లు రిస్కు లేని లాభం. అలాంటి లాభాన్ని ఎవరు వదులుతారు? అందరూ ఫార్వర్డ్ డాలర్ల మీద పడేసరికి వాటి ధర పెరుగుతుంది. 87.45 దాకా వచ్చాక ఆ ఆటలో మిగిలేదేమీ ఉండదు. వడ్డీ రేట్ల సమతుల్యత అంటే ఇదే.

ఫార్వర్డ్ కొనకుండా రూపాయి మీద భరోసాతో ఊరుకున్నవాళ్ల సంగతి వేరు. దీర్ఘకాలంలో సిద్ధాంతం కొంతవరకు నిజమైంది: 2014 మొదట్లో 62 దగ్గరున్న డాలరు 2024 మొదటికి 83 అయింది, అంటే ఏటా సుమారు మూడు శాతం. కానీ ఏ ఒక్క ఏడాదికీ ఇది హామీ కాదు. 2003 మొదట్లో 48 ఉన్న డాలరు 2007 చివరికి 40 లోపుకు దిగింది. ఆ రోజుల్లో ఇక్కడ డబ్బు పెట్టినవాళ్లకు వడ్డీతో పాటు మారకంలోనూ కలిసొచ్చింది. మరుసటి ఏడాదే డాలరు 50కి ఎగబాకింది.

సమతుల్యతను తెలిసి తెలిసి తప్పిస్తే ఏమవుతుందో 2013 చూపించింది. ఆ ఆగస్టు చివర డాలరు 68 దాటింది. సెప్టెంబర్ 4న రిజర్వ్ బ్యాంక్ గవర్నర్‌గా వచ్చిన రఘురామ్ రాజన్ ఒక కిటికీ తెరిచారు. బ్యాంకులు ఎన్నారైల నుంచి కనీసం మూడేళ్లకు ఎఫ్‌సీఎన్ఆర్ డిపాజిట్లు, అంటే డాలర్లలోనే ఉండే డిపాజిట్లు, సేకరిస్తే ఆ డాలర్లకు మారకపు రక్షణను ఏటా 3.5 శాతానికే ఇస్తామన్నారు. మార్కెట్లో అదే రక్షణకు ఆరు శాతం పైనే ఖర్చవుతోంది. ఎన్నారైకి డాలర్ల మీద అయిదు శాతం ఇచ్చినా, బ్యాంకుకు రూపాయి నిధులు ఎనిమిదిన్నర శాతానికే దొరికినట్టు. ఊళ్లో మామూలు డిపాజిట్‌కే తొమ్మిది దాకా ఇస్తున్న రోజులవి! విదేశీ బ్యాంకులైతే తక్కువ వడ్డీకి అప్పులిచ్చి మరీ ఎన్నారైల చేత డిపాజిట్లు చేయించాయి. నవంబర్ చివరికి ఈ దారిలో సుమారు 26 బిలియన్ డాలర్లు వచ్చాయి.

వచ్చింది దేశభక్తితో కాదు, తేడా ఉందని వచ్చింది. ఆ తేడాను భరించింది రిజర్వ్ బ్యాంకే. రూపాయి నిలదొక్కుకుంది కాబట్టి, నా దృష్టిలో అది ఖరీదైనదే అయినా తప్పని బీమా. ఆ డిపాజిట్లన్నీ 2016 చివర్లో ఒకేసారి గడువు తీరుతాయి కనుక, వాటికి కావలసిన డాలర్లను రిజర్వ్ బ్యాంక్ ముందే ఫార్వర్డ్‌లో కొనిపెట్టుకోవాల్సి వచ్చింది.

కాబట్టి విదేశాల్లో ఉన్నవారు ఎన్ఆర్ఈలో వేసే ముందు ఆ డబ్బు చివరకు ఎక్కడ ఖర్చవుతుందో తేల్చుకోండి. ఊళ్లో ఇల్లు కట్టడానికో, అమ్మానాన్నల వైద్యానికో అయితే ఏడు శాతం మీకు ఏడు శాతమే. మళ్లీ డాలర్లుగా తీసుకెళ్లాలనుకుంటే మాత్రం ఆ రోజు ఫార్వర్డ్ ప్రీమియం ఎంతుందో మీ బ్యాంకును అడిగి, దాన్ని వడ్డీలోంచి తీసేసి చూడండి.