అప్పు షేర్లలో, నష్టం డబ్బులో

ఒక షేరు ధర పడిపోతుందని మీకు గట్టి నమ్మకం. అయితే ఆ షేరు మీ దగ్గర లేదు. దాన్ని ఇంకొకరి దగ్గర అప్పు తెచ్చి ఇవాళే అమ్మేస్తారు. ధర పడ్డాక మార్కెట్లో కొని, తెచ్చినవారికి తిరిగి ఇచ్చేస్తారు. అమ్మిన ధరకూ కొన్న ధరకూ మధ్య తేడా మీ లాభం. షార్ట్ సెల్లింగ్ అంటే ఇదే. వినడానికి మామూలు కొనుగోలును తలకిందులు చేసినట్టే ఉంటుంది కానీ, నష్టం లెక్క దగ్గరికి వచ్చేసరికి రెండింటికీ పోలికే లేదు.

కారణం అప్పులోనే ఉంది. నాగుకు వడ్లు తెచ్చుకున్న రైతు తిరిగి వడ్లే కొలవాలి. ఈలోగా బస్తా ధర రెట్టింపైనా, మూడింతలైనా, ఇవ్వాల్సిన బస్తాలు తగ్గవు. షార్ట్ చేసినవాడి బాకీ కూడా అలాంటిదే. వంద షేర్లు తెచ్చుకుంటే వంద షేర్లే తిరిగి ఇవ్వాలి. ఆ వంద షేర్లు కొనడానికి ఎంతవుతుందో తెచ్చుకున్న రోజున ఎవరూ చెప్పలేరు.

మీరు 500 రూపాయల చొప్పున వంద షేర్లు అమ్మారనుకుందాం. చేతికి 50 వేలు వచ్చాయి. కంపెనీ పూర్తిగా మునిగి షేరు సున్నాకు చేరినా మీ లాభం ఆ 50 వేలు దాటదు. అదే షేరు 1,500కు ఎగబాకితే తిరిగి కొనడానికి లక్షన్నర కావాలి, అంటే లక్ష నష్టం. 2,500కు పోతే రెండు లక్షలు. ధరకు సున్నా అనే నేల ఉంది గానీ పైకప్పు లేదు. నష్టానికి హద్దు లేదనడం అందుకే.

ఇందులో చాలామంది గమనించని సంగతి ఇంకొకటుంది. షేరు కొన్నవాడు నష్టపోతున్నకొద్దీ అతని పెట్టుబడి విలువ చిన్నదవుతూ వస్తుంది, కాబట్టి తర్వాతి దెబ్బ కూడా తగ్గుతుంది. షార్ట్ చేసినవాడికి నష్టం వచ్చేకొద్దీ బాకీ పెద్దదవుతుంది. 500 దగ్గర పది శాతం పెరుగుదల అతనికి 5 వేల నష్టం, 1,500 దగ్గర అదే పది శాతం 15 వేలు.

మరి ఈ షేర్లు అప్పిచ్చేదెవరు? ఏళ్ల తరబడి అమ్మే ఉద్దేశం లేనివాళ్లు: పెన్షన్ ఫండ్లు, ఇండెక్స్ ఫండ్లు, పెద్ద సంస్థలు. ఊరికే పడి ఉన్న షేర్ల మీద కాస్త అద్దె వస్తే వాళ్లకు లాభమే. మన దేశంలో దీనికి 2008 ఏప్రిల్ నుంచి ఎస్ఎల్‌బీ అనే ప్రత్యేక వేదిక ఉంది. ఎన్ఎస్ఈలో ఆ విభాగం తెరిస్తే కనబడేది షేరు ధర కాదు, ఒక్కో షేరుకు అద్దె. గడువు గరిష్ఠంగా పన్నెండు నెలలు. ఇచ్చినవారెవరో పుచ్చుకున్నవారికి తెలియదు. మధ్యలో క్లియరింగ్ కార్పొరేషన్ నిలబడి హామీ ఇస్తుంది, తెచ్చుకున్నవారి దగ్గర మార్జిన్ వసూలు చేస్తుంది. అమెరికాలో ఈ పని బ్రోకర్లూ కస్టోడియన్ బ్యాంకులూ తెర వెనక చక్కబెడతాయి. అక్కడ షేర్ల విలువలో 102 శాతం తాకట్టుగా ఉంచడం వాడుక. ధర పెరిగిన ప్రతిరోజూ తాకట్టూ పెరగాలి.

అప్పు తెచ్చిన షేరును అమ్మేశాక దాని అసలు యజమాని కొత్తగా కొన్నవాడే. కంపెనీ డివిడెండ్ ఇస్తే అది అతనికే చేరుతుంది. అప్పిచ్చినవాడు తన డివిడెండ్ వదులుకోడు కాబట్టి అంత మొత్తాన్ని షార్ట్ చేసినవాడే జేబులోంచి కట్టాలి. అంతేకాదు, కొత్తగా కొన్నవాడు కూడా ఆ షేరును మళ్లీ అప్పివ్వవచ్చు. ఒకే షేరు అలా రెండు మూడు అప్పుల గొలుసులో చిక్కుకుంటుంది. అందరూ ఒకేసారి షేర్లు వెతుక్కోవాల్సి వస్తే ఏమవుతుందో 2008 అక్టోబరులో జర్మనీలో కనబడింది.

ఫోక్స్‌వ్యాగన్ షేరు దాని అసలు విలువకు మించి పెరిగిపోయిందని అప్పట్లో అనేక హెడ్జ్ ఫండ్లు భావించాయి. ప్రపంచమంతా ఆర్థిక సంక్షోభంలో ఉంది, కార్ల అమ్మకాలు పడిపోతున్నాయి. వాళ్ల తర్కంలో తప్పు పట్టడం కష్టం. కంపెనీ షేర్లలో సుమారు 12 శాతం అప్పు తెచ్చి అమ్మేసి ఉన్నాయి.

అక్టోబరు 26, ఆదివారం. మార్కెట్ మూసి ఉంది. ఫోక్స్‌వ్యాగన్‌లో తనకు 42.6 శాతం వాటా ఉందనీ, మరో 31.5 శాతానికి ఆప్షన్లు ఉన్నాయనీ పోర్షే ప్రకటించింది. రెండూ కలిపితే 74.1 శాతం. లోయర్ శాక్సనీ రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఇంకో 20 శాతం పైచిలుకు ఉంది, అది అమ్మేది కాదు. ఇక బజారులో దొరికేది ఆరు శాతం లోపే. తిరిగి ఇవ్వాల్సింది దానికి రెట్టింపు.

శుక్రవారం 210 యూరోల దగ్గర ముగిసిన షేరు సోమవారం 520కి చేరింది. మంగళవారం ఒక దశలో 1,005ను తాకింది. కొద్దిసేపు మార్కెట్ విలువలో ప్రపంచంలోకెల్లా పెద్ద కంపెనీ ఫోక్స్‌వ్యాగనే. 210 దగ్గర వంద షేర్లు షార్ట్ చేసినవాడు ఆశించగలిగిన గరిష్ఠ లాభం 21 వేల యూరోలు. మంగళవారం ఆ శిఖరం దగ్గర కొన్నవాడి నష్టం 79,500.

ఫలానా ధర దాటితే కొనేయమని స్టాప్ లాస్ పెట్టుకున్నవారికీ పెద్దగా మేలు జరగలేదు. ధర ఆగిన చోటినుంచి మెల్లగా కదలకుండా, ఆదివారం వార్తతో ఒక్క గంతు వేసింది. మధ్యలో పెట్టుకున్న హద్దు దగ్గర అమ్మేవాళ్లే లేరు. పైగా మార్జిన్ కట్టలేనివాళ్ల తరఫున బ్రోకర్లే కొనేస్తారు. నష్టం అనంతం దాకా పోకుండా ఆపేది అదే, కానీ ఆ కొనుగోలే ధరను ఇంకా పైకి నెడుతుంది.

బుధవారం పోర్షే తన ఆప్షన్లలో ఐదు శాతం వరకు వదులుతానని ప్రకటించాక షేరు దాదాపు సగానికి పడింది. హెడ్జ్ ఫండ్ల అంచనా చివరికి నిజమేనన్నమాట. అయితే మంగళవారమే బలవంతంగా కొనాల్సి వచ్చినవారికి ఆ బుధవారం దక్కలేదు. షార్ట్ సెల్లింగ్‌లో నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇదే: అంచనా సరైనదైనా, అది నిజమయ్యేదాకా నిలబడే డబ్బు లేకపోతే నష్టం ఖాయం.

మన దగ్గర చిన్న మదుపరులు ఎక్కువగా చేసేది ఇంట్రాడే షార్ట్. అప్పు తేకుండా పొద్దున అమ్మి, మార్కెట్ మూసేలోగా కొనేయడం. ఎఫ్ అండ్ ఓ జాబితాలో లేని షేర్లకు రోజుకు 2, 5, 10 లేదా 20 శాతం అనే స్థిర పరిమితి ఉంటుంది. మీరు అమ్మిన షేరు అప్పర్ సర్క్యూట్‌కు చేరి అక్కడే నిలిచిపోతే స్క్రీన్ మీద కొనేవాళ్ల వరసే కనిపిస్తుంది, అమ్మేవాళ్ల వైపు ఖాళీ. అలా కొనలేకపోతే షేర్లు అప్పగించలేరు. అప్పుడు ఎక్స్ఛేంజ్ వేలం పెట్టి కొంటుంది, ధరలో తేడా మీ ఖాతాలో పడుతుంది. వేలంలోనూ దొరక్కపోతే నిబంధనల ప్రకారం కట్టిన ఎక్కువ ధరకు డబ్బు చెల్లించాలి.

నష్టానికి ముందే హద్దు గీసుకోవాలంటే పుట్ ఆప్షన్ కొనడం ఒక దారి. అందులో పోయేది కట్టిన ప్రీమియం వరకే. కాకపోతే గడువులోగా ధర పడకపోతే ఆ ప్రీమియం మొత్తం పోతుంది. అప్పు తెచ్చి షార్ట్ చేసేవారు మాత్రం షేరు ధర కంటే ముందు దాని అద్దెను చూడాలి. అది ఉన్నట్టుండి పెరుగుతోందంటే అప్పుకు దొరికే షేర్లు తగ్గిపోతున్నాయని, తిరిగి కొనాల్సినవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారని అనుమానించాలి.