ఫొటోలో నెమలికంఠం, పార్శిల్‌లో ముదురు నీలం

ఆన్‌లైన్ బొటిక్‌లో అనార్కలీ కొన్న ఒక సోదరి, ఆ దుకాణానికి తాను రాసిన రెండు ఈమెయిళ్లనూ మాకు పంపి, తన ఫిర్యాదు ధర్మసమ్మతమేనా అని అడిగారు. దుస్తుల వెల 2,850 రూపాయలు, పార్శిల్ ఖర్చు 90. ఇంట్లో ఉన్న నెమలికంఠం రంగు దుపట్టాకు జతగా, తమ్ముడి వలీమా కోసం ఆమె దాన్ని తెప్పించుకున్నారు. వలీమాకు తొమ్మిది రోజుల ముందు పార్శిల్ వచ్చింది. విప్పి చూస్తే ముదురు నీలం. బట్టలో లోపం లేదు, కుట్టు బాగుంది, కొలతలు సరిపోయాయి. వివాదమంతా రంగు గురించే.

మొదటి ఈమెయిల్ నాలుగు వాక్యాలు. ‘మీరు మోసం చేశారు, డబ్బు తిరిగి ఇవ్వండి’ అన్నది దాని సారాంశం. దుకాణం నుంచి ఒక్క వాక్యం జవాబు వచ్చింది: మొబైల్ తెరను బట్టి రంగు కొద్దిగా మారవచ్చని మా వెబ్‌సైట్‌లో ముందే రాశాము.

ఈ జవాబు పూర్తిగా అబద్ధం కాదు. నెమలికంఠం, ముదురు ఆకుపచ్చ, రాణి రంగు వంటి వాటిని కెమెరా ఉన్నదున్నట్లు పట్టుకోలేదు, పట్టుకున్నా తెర చూపలేదు. కళ్లకు శ్రమ తగ్గించేందుకు రాత్రివేళ ఫోన్‌లో పెట్టుకునే పసుపు వెలుగులో నీలం కూడా పచ్చదనం కలిసినట్లు కనిపిస్తుంది. ట్యూబులైటు కింద ఒకలా ఉన్న బట్ట ఎండలో మరోలా ఉండటం ఇంట్లో అందరం చూసేదే. కాబట్టి రంగు తేడా వచ్చిన ప్రతిసారీ అమ్మినవారిని మోసగాళ్లనడం న్యాయం కాదు.

అయితే తెర వల్ల వచ్చే మార్పుకూ, చేయి పెట్టి చేసిన మార్పుకూ తేడా పట్టవచ్చు. తెరగానీ, ఫొటో తీసినచోటి వెలుతురుగానీ రంగును మార్చితే ఆ ఫొటోలో ఉన్నదంతా కలిసి మారుతుంది. వెనకనున్న తెల్లగోడకు పసుపో నీలమో అంటుతుంది. గోడ తెల్లగానే ఉండి, దుస్తుల రంగు ఒక్కటే మారిపోయి ఉంటే అది తెర పని కాదు. ఫొటోలు దిద్దే యాప్‌లలో ఒక భాగాన్ని మాత్రమే ఎంచుకుని ‘హ్యూ’ అనే మీటను జరిపితే నీలం నెమలికంఠమవుతుంది, ఇంకొంచెం జరిపితే పచ్చ అవుతుంది. ఒక్క దుస్తును ఒక్కసారి ఫొటో తీసి, అదే ఫొటోను అయిదు రంగుల్లోకి మార్చి అయిదు రకాలుగా పెట్టడానికి పది నిమిషాలు చాలు. అయిదు దుస్తులకూ విడివిడిగా ఇస్త్రీ చేసి, బొమ్మకు తొడిగి ఫొటోలు తీయాలంటే ఒక పూట పడుతుంది. చాలాచోట్ల ఈ పనికి కారణం దురుద్దేశం కన్నా ఆ పూట మిగుల్చుకోవాలన్న తొందరేనని మా అభిప్రాయం. కొన్నవారికి జరిగే నష్టం మాత్రం రెండింటిలోనూ ఒక్కటే.

ఆ సోదరి కోపం చల్లారాక ఫొటోలను మళ్లీ చూశారు. ఆమె రాసిన రెండో ఈమెయిల్ ఇది:

‘అస్సలాము అలైకుమ్. ఆర్డరు సంఖ్య, తేదీ పైన ఇచ్చాను. మీ ఫొటోను నా ఫోన్‌లో రాత్రి వెలుగు ఆపి చూశాను. మావారి ఫోన్‌లో, పక్కింటి ల్యాప్‌టాప్‌లో కూడా చూశాను. మూడింటిలోనూ నెమలికంఠమే. ఫొటో కింద పేరు కూడా నెమలికంఠం అనే ఉంది. అందిన దుస్తులను ఉదయం కిటికీ దగ్గర, నేరుగా ఎండ పడనిచోట, తెల్ల కాగితం పక్కన పెట్టి తీసిన ఫొటో జతచేస్తున్నాను. కాగితం తెల్లగానే ఉంది, దుస్తులు ముదురు నీలం.

మీరు చూపిన అయిదు రంగుల ఫొటోలలోనూ ఎడమ మోచేతి దగ్గర మడత ఒకేలా ఉంది. అంచున వేలాడుతున్న దారం ముక్క అయిదింటిలోనూ అదే చోట ఉంది. నెమలికంఠం ఫొటోలో మెడ చుట్టూ ఉన్న జరీ బంగారు రంగులో కాక కాస్త పచ్చగా ఉంది; బొమ్మ మణికట్టు దగ్గర సన్నని నీలి గీత మిగిలింది. రంగు ఫొటోలో మార్చినదని అనుకుంటున్నాను. కాదంటే అసలు ఫొటో పంపగలరు.

దుస్తులు తొడగలేదు, చీటీ తీయలేదు. వీటిని వెనక్కి తీసుకుని, 2,850 రూపాయలతోపాటు పంపిన ఖర్చు, తిరిగి పంపే ఖర్చు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. శుక్రవారం లోపు జవాబు ఆశిస్తున్నాను.’

ఇందులో మోసం అన్న మాట లేదు. చూసినది ఉంది, కోరినది ఉంది, గడువు ఉంది. అన్నింటికన్నా బలమైన సాక్ష్యం ఆ దారం ముక్కే.

ఇక ఆమె అడిగిన ప్రశ్న. తడిసిన ధాన్యాన్ని కుప్ప అడుగున దాచిన వ్యాపారిని దైవప్రవక్త (స) మందలించిన హదీసు మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఈ వ్యవహారానికి మరింత దగ్గరగా ఉన్నది ఇంకొకటి. పాలు పితకకుండా రోజుల తరబడి పొదుగును నిండనిచ్చి, పాడి ఎక్కువన్నట్లు చూపి పశువును అమ్మడాన్ని ఆయన (స) నిషేధించారు. అలా కొన్నవారు పాలు పితికి చూశాక ఉంచుకోవచ్చు, లేదా ఒక సాఅ ఖర్జూరాలతో తిప్పి పంపవచ్చు. ఆ ఖర్జూరాలు కొన్నవారు పితుక్కున్న పాలకు బదులు. రంగు మార్చిన ఫొటో కూడా నిండనిచ్చిన పొదుగులాంటిదే.

ఈ హదీసు అన్వయంలో హనఫీ పండితుల మాట వేరు. కానీ వారి ఫిఖ్హ్ మరో దారిలో ఇక్కడికే చేరుతుంది. 1869 నుంచి 1876 వరకు ఉస్మానియా పాలనలో హనఫీ ఫిఖ్హ్ ఆధారంగా కూర్చిన ‘మజల్లా’ అనే ధర్మశాస్త్ర సంకలనంలో 310వ అధికరణం, చెప్పిన గుణం సరుకులో లేకపోతే కొన్నవారికి ఉండే హక్కు గురించి చెబుతుంది. దానిలోని ఉదాహరణ సరిగ్గా రంగు గురించే: ఎర్ర యాకూత్ అని రాత్రివేళ అమ్మిన రాయి పసుపుదని తేలితే కొన్నవారు దాన్ని తిప్పి ఇవ్వవచ్చు. ఆ చీకటి స్థానంలో మనకిప్పుడు తెర ఉంది. అయితే ఈ హక్కుకు రెండు హద్దులున్నాయి. వస్తువును ఉంచుకోదలిస్తే పూర్తి వెలకే ఉంచుకోవాలి. ఇద్దరూ ఇష్టపడి తగ్గించుకుంటే వేరు. యజమానిలా వాడితే హక్కు పోతుంది. వలీమాలో తొడిగి మర్నాడు తిప్పి పంపాలనుకునేవారు ఈ రెండో హద్దును గమనించాలి. నడుము దగ్గర కుట్టు విప్పి బిగించుకున్నా అంతే.

దేశ చట్టం కూడా దీనికి దూరంగా లేదు. 2020 నాటి ఇ-కామర్స్ నియమాల ప్రకారం, ప్రకటనలో చూపిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనరాదు. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. ‘ఎక్స్చేంజ్ లేదు’ అని వెబ్‌సైట్‌లో రాసుకున్నంత మాత్రాన ఈ బాధ్యత తొలగదు. వినకపోతే 1915 నంబరు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానిది. జిల్లా కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుపై ఫిర్యాదుకు రుసుము లేదు.

ఆ సోదరికి అంతదూరం వెళ్లవలసిన పని పడలేదు. గురువారం జవాబు వచ్చింది. బొటిక్ నడిపేది కూడా ఒక సోదరే. నీలం దుస్తును మాత్రమే ఫొటో తీశామని, మిగతా నాలుగు రంగులూ యాప్‌లో మార్చినవేనని, నెమలికంఠం తాను అయిపోయిన సంగతి చూడకుండా నీలం పంపామని ఆమె ఒప్పుకున్నారు. 2,850 రూపాయలు, తిరుగు కొరియర్ ఖర్చు వచ్చాయి. మొదటి 90 రూపాయల గురించి ఆ జవాబులో ఏమీ లేదు. అడగనా వద్దా అని సోదరి మమ్మల్ని అడిగారు. అది ఆమె హక్కే, అడగవచ్చు. వదిలేస్తే అది ఆమె ఉదారత అని రాశాము.

వలీమాకు ఆమె పాత దుస్తులనే ఇస్త్రీ చేయించుకుని వెళ్లారు. వెబ్‌సైట్‌లో ఇప్పుడు ఆ అనార్కలీకి రెండే ఫొటోలున్నాయి, రెండింటిలో మడతలు వేరువేరుగా ఉన్నాయి.